చెస్ట్ ఎక్స్‌రేలో ఏ గీత దేనిదో బట్టీ పట్టకుండా గుర్తుపట్టడం ఎలా (ఫస్టియర్ వాళ్ల కోసం)

ఫస్టియర్ అనాటమీ ప్రాక్టికల్‌లో చెస్ట్ ఎక్స్‌రే పెట్టి ఒక చోట బాణం గుర్తు వేసి ఇదేంటి అని అడుగుతారు. మనలో చాలామంది పుస్తకంలో పేర్లు రాసి ఉన్న బొమ్మ చూసి బాణాలు ఎక్కడెక్కడ ఉన్నాయో గుర్తుపెట్టుకుని వెళ్తారు, తీరా అక్కడ వేరే మనిషి ఫిల్మ్ ఉంటుంది, గుండె కాస్త నిలువుగా ఉంటుంది, బాణం రెండు సెంటీమీటర్లు పైకి ఉంటుంది, ఇంక అయోర్టానా పల్మనరీ ట్రంకా అని అక్కడే ఆగిపోతారు. బొమ్మ మొత్తాన్ని కాకుండా గుండె అంచు చుట్టూ ఉండే గీతల్ని ఒక వరసలో చూడటం నేర్చుకుంటే ఏ ఫిల్మ్ ఇచ్చినా పేర్లు పెట్టొచ్చు, పైగా థర్డ్ ఇయర్‌లో న్యుమోనియా ఏ లోబ్‌లో ఉందో చెప్పడానికి కూడా ఇదే పనికొస్తుంది. అందుకే ఇక్కడ ఎముకల సంగతి పెద్దగా చెప్పను, అంచుల మీదే ఉంటాను.

మొదలుపెట్టే ముందు ఒక్క విషయం బాగా అర్థం కావాలి. ఎక్స్‌రేలో మనకి అవయవాలు కనపడవు, రెండు వేరే వేరే డెన్సిటీలు పక్కపక్కన ఉన్నచోట వాటి మధ్య అంచు కనపడుతుంది, అంతే. గాలి నల్లగా, కొవ్వు ముదురు బూడిద రంగులో, నీళ్లు రక్తం కండ లాంటివన్నీ లేత బూడిద రంగులో, ఎముక తెల్లగా, లోహం అన్నిటికంటే తెల్లగా పడతాయి. గుండె కండ, దాంట్లో ఉన్న రక్తం, అయోర్టా గోడ, ఇవన్నీ ఎక్స్‌రేకి ఒకటే డెన్సిటీ, కాబట్టి గుండె లోపల గదులు వేరువేరుగా కనపడవు, తెల్ల సున్నం గోడ మీద ముగ్గు పిండితో గీత గీస్తే ఎలా కనపడదో అలాగ. గుండె అంచు మనకి అంత స్పష్టంగా ఎందుకు కనపడుతుందంటే దాని పక్కనే గాలి నిండిన లంగ్ ఆనుకుని ఉంది కాబట్టి. సో ఏ గీత చూసినా వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటే, ఇక్కడ దేన్ని ఆనుకుని ఏముంది? డిసెక్షన్ హాల్లో మీడియాస్టినమ్ కుడివైపు నుంచి, ఎడమవైపు నుంచి చూసినప్పుడు లంగ్‌ని ఏమేం ఆనుకుని ఉన్నాయో చదివారు కదా, ఎక్స్‌రేలో కనపడేది ఆ పాఠమే.

ఇప్పుడు ఒక నార్మల్ పీఏ ఫిల్మ్ తీసుకోండి. ప్రింట్ అయితే మీద ట్రేసింగ్ పేపర్ పెట్టుకోండి, ఫోన్‌లో బొమ్మ అయితే ఫోటో ఎడిట్‌లో పెన్ను ఆప్షన్ చాలు. బాణాలు లేని బొమ్మే తీసుకోండి, బాణాలు ఉంటే కన్ను ముందు వాటి దగ్గరికే పోతుంది.

మొదటి పని, ఫిల్మ్ సరిగ్గా పెట్టుకోవడం. పేషెంట్ మనకి ఎదురుగా నిలబడి ఉన్నట్టు చూడాలి, అంటే పేషెంట్ కుడి మన ఎడమ చేతివైపు వస్తుంది. ఫిల్మ్ మీద ఒక పక్కన ఆర్ అనో ఎల్ అనో లోహపు అక్షరం గుర్తు ఉంటుంది, ముందు దాన్ని వెతకండి. గుండె మొన ఎటు ఉందో చూసి అదే ఎడమ అని అనుకోకండి, డెక్స్‌ట్రోకార్డియా ఉన్నవాళ్లలో గుండె మొన కుడివైపే ఉంటుంది, ఆ ఫిల్మ్‌ని మీరు తిప్పి పెట్టేసుకుంటే మొత్తం తప్పిపోతుంది. అక్షరమే ప్రమాణం. ఇక్కడి నుంచి నేను కుడి అన్నా ఎడమ అన్నా పేషెంట్ కుడి ఎడమలే.

రెండో పని, ఈ ఫిల్మ్‌ని ఎంతవరకు నమ్మొచ్చో చూసుకోవడం. పీఏ అంటే కిరణం వీపు వైపు నుంచి లోపలికెళ్లి ఛాతీ ముందు నుంచి బయటికొస్తుంది, పేషెంట్ ఛాతీని డిటెక్టర్‌కి ఆనించి నిలబడతాడు, ట్యూబ్ సుమారు 180 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. గుండె ఛాతీలో ముందువైపు ఉంటుంది కాబట్టి ఇలా తీస్తే అది డిటెక్టర్‌కి దగ్గరగా ఉండి నీడ పెద్దగా సాగదు. మంచం మీద ఉన్న పేషెంట్‌కి తీసే ఏపీ ఫిల్మ్‌లో దీనికి రివర్స్, గుండె డిటెక్టర్‌కి దూరం, ట్యూబ్ దగ్గర, అందుకే గుండె ఉన్నదానికంటే పెద్దగా కనపడుతుంది. ఏపీ ఫిల్మ్ చూసి కార్డియోమెగాలీ అని రాసేయడం ఇంటర్న్‌షిప్‌లో కూడా చేసే తప్పు, ఇప్పటినుంచే జాగ్రత్తగా ఉండండి. పీఏలో చేతులు ముందుకు తిప్పి నిలబెడతారు కాబట్టి స్కాప్యులాలు చాలావరకు లంగ్ మీద నుంచి పక్కకి జరిగి ఉంటాయి, లంగ్స్ మీద పడి ఉంటే ఏపీ అయ్యుండొచ్చని ఒక అనుమానం పెట్టుకోవచ్చు.

పేషెంట్ పక్కకి తిరిగాడా లేదా అనేది రెండు క్లావికల్స్ లోపలి చివరల్ని చూసి చెప్తారు. ఆ రెండూ మధ్యలో ఉన్న వెన్నుపూస స్పైనస్ ప్రాసెస్‌కి సమాన దూరంలో ఉండాలి. క్లావికల్ ముందు ఉంది, స్పైనస్ ప్రాసెస్ వెనక ఉంది, మనిషి కొంచెం తిరిగినా ఈ రెండిటి మధ్య దూరం ఒక పక్క పెరిగి ఒక పక్క తగ్గుతుంది. తిరిగిన ఫిల్మ్‌లో ట్రేకియా పక్కకి జరిగినట్టు, ఒక లంగ్ ఎక్కువ నల్లగా ఉన్నట్టు, గుండె అంచు మారినట్టు కనపడుతుంది, ఏదీ నిజం కాదు.

తర్వాత ఊపిరి. డయాఫ్రమ్ మధ్యభాగం దగ్గర ముందువైపు రిబ్స్‌లో ఆరోది వచ్చి కలవాలి, ఐదు నుంచి ఏడు మధ్య ఉంటే పర్లేదు. ఇక్కడ ఫస్టియర్ వాళ్లు ఎక్కువగా తికమకపడేది లెక్కపెట్టడంలోనే. బాగా స్పష్టంగా, దాదాపు అడ్డంగా కనపడేవి రిబ్స్ వెనక భాగాలు, అవి వెన్నుపూస నుంచి బయటికి వెళ్తాయి. కాస్త మసకగా, బయటినుంచి కిందకి లోపలికి వాలుతూ వచ్చి మధ్యలోనే ఆగిపోయినట్టు ఉండేవి ముందు భాగాలు, ఆగిపోయిన చోటినుంచి స్టెర్నమ్ దాకా ఉన్నది కాస్టల్ కార్టిలేజ్, అది కాల్సిఫై అయితే తప్ప కనపడదు. క్లావికల్ లోపలి చివర దగ్గర మొదటి రిబ్ చిన్న వంపులా తిరుగుతుంది, దాన్ని పట్టుకుని దాని ముందు చివర దగ్గర ఒకటి అని మొదలుపెట్టి కిందకి దిగండి. ఊపిరి సరిగా పీల్చకపోతే డయాఫ్రమ్ పైకి ఉండి గుండె అడ్డంగా పడుకున్నట్టు వెడల్పుగా కనపడుతుంది, లంగ్స్ అడుగున తెల్లగా ఏదో ఉన్నట్టు కూడా అనిపిస్తుంది. చివరగా గుండె నీడ వెనక వెన్నుపూసలు లీలగా కనపడుతున్నాయా చూడండి, కనపడితే కిరణం సరిపోయినట్టే.

మూడో పని ట్రేకియా. మెడ దగ్గర మధ్యలో నల్లటి పట్టీలా మొదలవుతుంది, గాలి కాబట్టి నలుపు, చుట్టూ ఉన్నవన్నీ మెత్తటి కణజాలం కాబట్టి అంచులు తెలుస్తాయి. నిలువునా కిందకి దిగుతూ అయోర్టిక్ ఆర్చ్ దగ్గరికి వచ్చేసరికి కొద్దిగా కుడివైపు జరుగుతుంది, ఆర్చ్ ఎడమ నుంచి నెట్టడం వల్ల, ఇది నార్మలే, డీవియేషన్ అని రాయొద్దు. ఇంకా కిందకి వస్తే రెండుగా చీలుతుంది, అదే కరీనా. పుస్తకంలో టీ4-టీ5 మధ్య అని ఉంటుంది, అది డిసెక్షన్ టేబుల్ మీద పడుకోబెట్టిన శరీరం లెక్క, నిలబడి బాగా ఊపిరి పీల్చిన మనిషి ఫిల్మ్‌లో టీ6 దాకా కూడా దిగుతుంది. రైట్ మెయిన్ బ్రాంకస్ పొట్టిగా వెడల్పుగా నిలువుగా ఉంటుంది, లెఫ్ట్ బ్రాంకస్ పొడుగ్గా అడ్డంగా వెళ్తుంది, పిల్లలు మింగబోయిన గింజ కుడివైపే ఎక్కువగా ఎందుకు పోతుందో ఆ నల్లటి గీతల కోణం చూస్తే మీకే తెలుస్తుంది. ట్రేకియాకి రెండు పక్కలా గీతలు గీసి కరీనా దగ్గర ఒక చుక్క పెట్టండి, మిగతా వాటికి ఇదే ఆనవాలు.

నాలుగో పని కుడి అంచు, ఇది సులువు. పైనుంచి కిందకి రండి. క్లావికల్ కిందనుంచి దాదాపు నిటారుగా, మసకగా దిగే గీత సుపీరియర్ వీనాకావా, అంటే ఎస్‌వీసీ. వయసు పైబడినవాళ్లలో అయోర్టా సాగి వంకర తిరగడం వల్ల ఇదే చోట అసెండింగ్ అయోర్టా కాస్త బయటికి ఉబ్బి అంచుగా కనపడొచ్చు, కుర్రవాళ్ల ఫిల్మ్‌లో అది లోపలే దాక్కుంటుంది. ట్రేకియా రైట్ బ్రాంకస్‌గా మారే కోణం దగ్గర చిన్న గుండ్రటి ఉబ్బు కనపడితే అది ఎజైగస్ వీన్, వెనకనుంచి వంగి వచ్చి ఎస్‌వీసీలో కలిసే చోటు. ఇంకా కిందకి వస్తే బయటికి వంపు తిరిగిన మెత్తటి గీత రైట్ ఏట్రియం. రైట్ ఏట్రియం డయాఫ్రమ్‌ని తాకే మూల దగ్గర కొన్ని ఫిల్మ్‌లలో చిన్న నిలువు గీత కనపడుతుంది, అది ఐవీసీ. అంతే, కుడి అంచు మొత్తం సిరల రక్తం దారి, పైనుంచి ఎస్‌వీసీ, కింద నుంచి ఐవీసీ, మధ్యలో ఏట్రియం. ఆ దారి ఒక్కటి మనసులో ఉంటే కుడివైపు పేర్లు తప్పు రాయడం కష్టం.

ఐదో పని ఎడమ అంచు, ఇక్కడే టైం ఎక్కువ పెట్టాలి, ఎందుకంటే ఇది ఒకే వంపు కాదు, ఒకదాని కింద ఒకటి ఉబ్బులు. అన్నిటికంటే పైన, ట్రేకియా ఎడమ పక్కన, పైకి బయటికి వెళ్తూ మాయమయ్యే గీత లెఫ్ట్ సబ్‌క్లేవియన్ ఆర్టరీ. దాని కింద గుండ్రంగా బొటనవేలి కణుపులా పొడుచుకొచ్చేది అయోర్టిక్ నకుల్, ఆర్చ్ వెనక్కి తిరిగి కిందకి వంగే చోటు. దాని కింద ఒక చిన్న పల్లం, దాన్ని అయోర్టోపల్మనరీ విండో అంటారు, నార్మల్‌గా లోపలికి పోయినట్టు ఉండాలి, అక్కడ బయటికి ఉబ్బి ఉంటే లింఫ్ నోడ్ లాంటిదేదో పెరిగిందా అని చూస్తారు. ఆ పల్లం కింద రెండో ఉబ్బు మెయిన్ పల్మనరీ ఆర్టరీ, పల్మనరీ ట్రంక్. ఇది నకుల్ కంటే చదునుగా ఉంటుంది, చాలామంది దీన్ని వదిలేసి నకుల్ నుంచి నేరుగా గుండెకి దిగిపోతారు. దాని కింద కొంచెం చదునుగానో కాస్త లోపలికో ఉండే చిన్న ముక్క లెఫ్ట్ ఏట్రియల్ అపెండేజ్. మన దగ్గర రుమాటిక్ గుండెజబ్బు, మైట్రల్ స్టెనోసిస్ ఇప్పటికీ చూస్తాం కాబట్టి ఈ చిన్న ముక్కని గుర్తుపట్టడం చాలా ముఖ్యం, మైట్రల్ స్టెనోసిస్‌లో ఏట్రియం పెరిగితే ఇదే ముక్క నిండిపోయి ఎడమ అంచు తిన్నగా అయిపోతుంది, ఇంకా పెరిగితే బయటికి ఉబ్బుతుంది. చివరగా పెద్ద వంపు లెఫ్ట్ వెంట్రికల్, అదే దిగి ఎపెక్స్‌గా డయాఫ్రమ్ మీద వాలుతుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న, వైవాలో అడిగే ప్రశ్న కూడా. నాలుగు గదుల్లో మనం రైట్ ఏట్రియం, లెఫ్ట్ వెంట్రికల్, లెఫ్ట్ ఏట్రియంలో అపెండేజ్ ముక్క మాత్రమే చెప్పాం, మరి రైట్ వెంట్రికల్ ఏది? పీఏ ఫిల్మ్‌లో రైట్ వెంట్రికల్‌కి కుడి ఎడమ అంచుల్లో ఎక్కడా చోటు లేదు. అది గుండె ముందు భాగం, స్టెర్నమ్ వెనక ఉంటుంది, కిందవైపు డయాఫ్రమ్ మీద కూర్చుని ఉంటుంది, దాని పక్కల్లో లంగ్ లేదు కాబట్టి పక్క అంచు లేదు. లెఫ్ట్ ఏట్రియం అసలు గది గుండె వెనక భాగం, ఈసోఫేగస్‌కి ముందు, అదీ గుండె నీడలోనే కలిసిపోయి ఉంటుంది. పేర్లలో రైట్ లెఫ్ట్ అని ఉన్నా గుండె తిరిగి ఉండటం వల్ల రైట్ వెంట్రికల్ ముందుకీ లెఫ్ట్ ఏట్రియం వెనక్కీ పోయాయి. స్పాటర్‌లో బాణం గుండె కుడి అంచు మీద ఉంటే రైట్ వెంట్రికల్ అని రాసేవాళ్లు ప్రతి బ్యాచ్‌లో ఉంటారు, కుడి కాబట్టి రైట్, పెద్దగా ఉంది కాబట్టి వెంట్రికల్ అనుకుంటారు. పైన చెప్పిన ప్రశ్న వేసుకోండి, ఇక్కడ లంగ్‌ని ఆనుకుని ఏముంది? రైట్ ఏట్రియం.

ఈ రెండు అంచులు గీసేశాక గుండె సైజు కూడా కొలిచేయొచ్చు. వెన్నుపూసల మధ్యగా నిలువు గీత గీసి, దాన్నుంచి కుడి అంచు ఎక్కువ దూరం ఎంత, ఎడమ అంచు ఎక్కువ దూరం ఎంత కొలిచి కలపండి, దాన్ని ఛాతీ లోపలి వెడల్పు ఎక్కువ ఉన్నచోటి కొలతతో భాగించండి. కుడివైపు 4, ఎడమవైపు 9 సెంటీమీటర్లు వచ్చాయనుకోండి, మొత్తం 13, ఛాతీ వెడల్పు 29 అయితే 45 శాతం దగ్గర. పెద్దవాళ్లలో పీఏ ఫిల్మ్ మీద 50 శాతం లోపు ఉంటే నార్మల్ అంటారు. ఫోన్ బొమ్మ మీద కొలిచినా పర్లేదు, నిష్పత్తే కదా. గుండెలో దాదాపు మూడో వంతు మధ్యగీతకి కుడివైపు, మిగతాది ఎడమవైపు ఉంటుందని కూడా ఇక్కడే తెలిసిపోతుంది.

ఆరో పని హైలమ్స్. గుండె నీడకి రెండు పక్కలా మధ్యలో కొమ్మలు విచ్చుకున్నట్టు తెల్లగా ఉండేవి అవే. దీన్ని బ్రాంకస్ అని లేబుల్ చేయొద్దు, బ్రాంకస్‌లో గాలి ఉంటుంది, తెల్లగా కనపడేది పల్మనరీ ఆర్టరీలు, పైభాగంలో కొంత పల్మనరీ వీన్స్. నార్మల్ లింఫ్ నోడ్స్ కూడా కనపడవు. ఎడమ హైలమ్ కుడిదానికంటే కొంచెం పైన ఉంటుంది, కొంతమందిలో రెండూ ఒకే ఎత్తులో ఉంటాయి, కుడిది పైన ఉందంటే మాత్రం ఏదో తేడా ఉన్నట్టే. కారణం ఏంటంటే లెఫ్ట్ పల్మనరీ ఆర్టరీ లెఫ్ట్ బ్రాంకస్ పైనుంచి వంగి వెనక్కి వెళ్తుంది, రైట్ పల్మనరీ ఆర్టరీ బ్రాంకస్ ముందునుంచి అడ్డంగా పోతుంది. లంగ్ రూట్‌లో కుడివైపు ఏది పైన, ఎడమవైపు ఏది పైన అని బొమ్మ వేసుకుని ఉంటారు కదా, ఎడమవైపు ఆర్టరీయే అన్నిటికంటే పైన అని, అది ఇక్కడ పనికొచ్చింది.

డయాఫ్రమ్ త్వరగా అయిపోతుంది. కుడి డోమ్ ఎడమదానికంటే కొంచెం పైన ఉంటుంది, కుడిదాని కింద లివర్, ఎడమదాని కింద స్టమక్‌లో నల్లటి గాలి బుడగ. ఎడమ డోమ్ గీతని బయటినుంచి లోపలికి గీసుకుంటూ వెళ్తే ముందు భాగం గుండె దగ్గర మాయమవుతుంది, ఎందుకంటే అక్కడ దాని మీద లంగ్ లేదు, గుండె కూర్చుని ఉంది, రెండూ ఒకే డెన్సిటీ. వెనక భాగం మాత్రం గుండె నీడలోంచి కూడా లీలగా కనపడాలి. ఇక రిబ్స్‌ని తాకే రెండు మూలలు కాస్టోఫ్రెనిక్ యాంగిల్స్, మొనదేలి ఉండాలి. నిలబడి తీసిన పీఏలో ఈ మూల మొద్దుబారాలంటే సుమారు 200 మిల్లీలీటర్ల నీరు చేరాలి, అంటే మూల బాగుంది కాబట్టి నీరు అసలు లేదని చెప్పలేం, కొంచెం నీరు మొదట వెనకవైపు లోతైన మూలలో చేరుతుంది, అది పీఏలో డోమ్ నీడ కిందే ఉండిపోతుంది.

లంగ్స్ దగ్గర ఒక్కటే చెప్తాను. ఫిల్మ్ మీద పై, మధ్య, కింది అని మనం చెప్పేవి జోన్లు, లోబ్స్ కాదు. లోయర్ లోబ్ వెనకనుంచి చాలా పైదాకా వెళ్తుంది, మిడిల్ లోబ్ ముందువైపు ఉంటుంది, ఎదురుగా చూసినప్పుడు రెండూ ఒకదాని మీద ఒకటి పడతాయి. కుడివైపు హారిజాంటల్ ఫిషర్ మాత్రం సుమారు నాలుగో రిబ్ ముందు భాగం ఎత్తులో, హైలమ్ దగ్గర్నుంచి బయటికి వెంట్రుకలా సన్నటి తెల్ల గీతగా కొంతమందిలో కనపడుతుంది. ఆబ్లిక్ ఫిషర్ ఏటవాలుగా ఉంటుంది, కిరణానికి అంచుగా దొరకదు, అందుకే నార్మల్ పీఏలో దాని కోసం వెతకొద్దు.

ఇప్పుడు ఇదంతా కలిపి ఒక ఫిల్మ్ చదువుదాం. పాతికేళ్ల అబ్బాయి, నాలుగు రోజులుగా జ్వరం, దగ్గు అనుకోండి. పీఏ ఫిల్మ్, ఆర్ అక్షరం సరిగ్గా ఉంది, క్లావికల్స్ సమానంగా ఉన్నాయి, ఆరో రిబ్ డయాఫ్రమ్ దగ్గరికి వచ్చింది. ట్రేకియా మధ్యలో ఉంది. ఎడమ అంచు పైనుంచి గీశారు, నకుల్, పల్మనరీ ట్రంక్, అపెండేజ్ ముక్క, వెంట్రికల్, అన్నీ దొరికాయి. కుడి అంచుకి వచ్చారు, ఎస్‌వీసీ గీత దొరికింది, కిందకి దిగితే రైట్ ఏట్రియం వంపు ఉండాల్సిన చోట పెన్ను ఎటు పోవాలో తెలియట్లేదు, గుండె తెలుపు, పక్కన లంగ్‌లో ఉన్న తెలుపు కలిసిపోయాయి. ఆ లంగ్‌లో తెలుపు కుడి కింది జోన్‌లో ఉంది, దాని పై అంచు మాత్రం నాలుగో రిబ్ దగ్గర స్కేలు పెట్టి గీసినట్టు అడ్డంగా ఆగిపోయింది. కుడి డయాఫ్రమ్ డోమ్ గీత గుండె దాకా స్పష్టంగా ఉంది, కాస్టోఫ్రెనిక్ యాంగిల్ మొనదేలి ఉంది.

కింది జోన్ కాబట్టి లోయర్ లోబ్ అని రాయాలనిపిస్తుంది. ఆగి, ఏ గీత పోయింది, ఏ గీత మిగిలింది అని చూడండి. పోయింది రైట్ ఏట్రియం అంచు. రైట్ ఏట్రియంని ఆనుకుని ఉండే లంగ్ ఏది? మిడిల్ లోబ్, దాని మీడియల్ సెగ్మెంట్. అందులో గాలి పోయి చీము నీరు చేరితే రెండు పక్కలా ఒకే డెన్సిటీ అయింది, గీత పోయింది. మిగిలింది డయాఫ్రమ్ గీత, కుడి డయాఫ్రమ్ మీద ఎక్కువభాగం కూర్చునేది లోయర్ లోబ్, ఆ గీత ఉందంటే అక్కడ గాలి ఉన్నట్టే. పైన తిన్నగా ఆగిన అంచు హారిజాంటల్ ఫిషర్, మిడిల్ లోబ్ పైకప్పు. మూడూ ఒకటే చెప్తున్నాయి, ఇది మిడిల్ లోబ్ న్యుమోనియా. అదే తెలుపు లోయర్ లోబ్‌లో ఉంటే దీనికి పూర్తిగా రివర్స్, డయాఫ్రమ్ గీత చెరిగిపోయి గుండె కుడి అంచు మాత్రం తెలుపు మధ్యలోంచి కూడా చక్కగా కనపడేది, ఎందుకంటే ఆ తెలుపు వెనక ఉంది, ఏట్రియంని తాకట్లేదు, ఏట్రియం పక్కన మిడిల్ లోబ్‌లో ఇంకా గాలి ఉంది. ఒకదాని మీద ఒకటి పడినంత మాత్రాన గీత పోదు, తాకితేనే పోతుంది.

దీన్నే సిల్హౌట్ సైన్ అంటారు, 1950లో ఫెల్సన్ దీన్ని వివరంగా రాశాక ఈ పేరు స్థిరపడింది. ఎడమవైపు కూడా ఇదే లెక్క, లెఫ్ట్ వెంట్రికల్ అంచు పోతే లింగ్యులా, ఎడమ డయాఫ్రమ్ లేదా డిసెండింగ్ అయోర్టా గీత పోతే లెఫ్ట్ లోయర్ లోబ్, నకుల్ అంచు పోతే లెఫ్ట్ అప్పర్ లోబ్ వెనక భాగం. ఆ తెల్లటి మచ్చలో నల్లటి కొమ్మల్లా గీతలు కనపడితే అవి బ్రాంకైలు, ఎయిర్ బ్రాంకోగ్రామ్ అంటారు. మామూలుగా లంగ్ లోపల బ్రాంకస్‌లు కనపడవు, గాలిలో గాలి కాబట్టి, చుట్టూ ఉన్న లంగ్ తెల్లబడ్డాక అవి బయటపడ్డాయి, మొదట చెప్పిన డెన్సిటీల సంగతే ఇది కూడా.

గీత పోయిన ప్రతిసారీ న్యుమోనియా కాదు, ఇది మాత్రం తెలిసి ఉండాలి. స్టెర్నమ్ లోపలికి నొక్కుకుపోయిన వాళ్లలో, పెక్టస్ ఎక్స్‌కవేటమ్ అంటారు, గుండె ఎడమవైపుకి జరుగుతుంది, ఛాతీ గోడ మెత్తటి కణజాలమే కుడి అంచు పక్కకి వచ్చి ఆ గీతని చెరిపేస్తుంది, చూడ్డానికి అచ్చం మిడిల్ లోబ్ జబ్బులాగే ఉంటుంది. ఆ ఫిల్మ్‌లో రిబ్స్ చూడండి, వెనక భాగాలు మరీ అడ్డంగా, ముందు భాగాలు మరీ నిటారుగా కిందకి దిగుతూ ఉంటాయి. గుండె పక్కన కొవ్వు ముద్ద ఎక్కువ ఉన్నవాళ్లలో కింది మూలలో అంచు మసకబారుతుంది, తిరిగిన ఫిల్మ్‌లో, ఊపిరి సరిగా పీల్చని ఫిల్మ్‌లో కూడా అంతే, అందుకే రెండో పని వదిలేయొద్దన్నది.

అనుమానం తీరకపోతే లేటరల్ ఫిల్మ్ చూస్తారు. అందులో పీఏలో దొరకని రెండు గదులూ అంచుల్లోకి వస్తాయి, ముందువైపు స్టెర్నమ్ వెనక రైట్ వెంట్రికల్, వెనకవైపు పైభాగంలో లెఫ్ట్ ఏట్రియం, దాని కింద లెఫ్ట్ వెంట్రికల్. ఆబ్లిక్ ఫిషర్ కూడా ఇక్కడ ఏటవాలు గీతగా దొరుకుతుంది, మిడిల్ లోబ్ న్యుమోనియా అయితే ఆ తెలుపు రెండు ఫిషర్ల మధ్య, గుండె నీడ మీద పడుతూ ముక్కోణంలా ఉంటుంది. పీఏ మీద మీరు గీసిన ట్రేసింగ్‌ని పక్కన పెట్టుకుని అదే మనిషి లేటరల్ ఫిల్మ్ మీద ఈ మూడు గీతలు గీయండి, ఆ తర్వాత బాణం ఏ వ్యూలో పెట్టినా రైట్ వెంట్రికల్ ఎక్కడుందో మీరు చూపించగలరు.